పెన్సిల్ ఎక్కడ ఆగింది: గ్రూప్ ఎంచుకోవడానికి ఒక అమ్మాయి చదివిన పుస్తకాలు

నేను నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ని. లైబ్రరీ బాధ్యత కూడా నాదే. పదో తరగతి పిల్లలు ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకోవాలని అడిగినప్పుడు పుస్తకాలతోనే జవాబు వెతకడం కొన్నేళ్ళుగా అలవాటు చేసుకున్నాను. ఈ కేసు 2023–24 బ్యాచ్‌లోని ఒక అమ్మాయిది. ఆమె, వాళ్ళ నాన్న ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, ఊరి వివరాలు కొన్ని మార్చాను.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి దానిలోంచే వచ్చింది. అంతకు ముందు ఒక బ్యాచ్‌లో ఒక అబ్బాయికి అబ్దుల్ కలాం ఆత్మకథ ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసి, కళ్ళు మెరుస్తుండగా వచ్చి ఎంపీసీ తీసుకుంటానన్నాడు. నేను సంతోషించి పంపించాను. ఫస్ట్ ఇయర్ మధ్యలో వాళ్ళమ్మ బడికి వచ్చి, పిల్లవాడు కాలేజీకి వెళ్ళనంటున్నాడని ఏడ్చింది. ఆ పుస్తకం వాడికి రాకెట్ ఎగరడం చూపించింది. రోజూ పొద్దున ఏడింటికి కూర్చుని చేయాల్సిన లెక్కలు ఎలా ఉంటాయో చూపించలేదు. అది ఆ పుస్తకం తప్పు కాదు. ఒక్క పుస్తకంతో సరిపెట్టింది నేనే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒకటే. స్ఫూర్తి కోసం ఒక పుస్తకం ఇస్తే, దాని పక్కనే ఆ గ్రూప్ ఇంటర్ ఫస్ట్ ఇయర్ పాఠ్యపుస్తకం కూడా ఇవ్వాలి. తెలుగు అకాడమీ వేసేవే. మొదటిదాంట్లో ఆ దారిన నడిచిన మనిషి కనిపిస్తారు. రెండోదాంట్లో వచ్చే రెండేళ్ళు ఏం చేస్తూ కూర్చోవాలో కనిపిస్తుంది.

ఆ అమ్మాయి జనవరిలో నా దగ్గరికి వచ్చింది. నాన్నకి ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు. అమ్మ కొట్లోనూ ఇంట్లోనూ పని చూసుకుంటుంది. క్లాసులో అన్ని సబ్జెక్టుల్లోనూ మంచి మార్కులే, లెక్కల్లో 80 దాటుతుంది, తెలుగు, సోషల్ ఇంకా బాగా వస్తాయి. ఇలాంటి పిల్లలకే సలహా చెప్పడం కష్టం. ఒక సబ్జెక్ట్ బాగా రాకపోతే దారి దానంతటదే తేలిపోతుంది. అన్నీ వచ్చిన పిల్లకి ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, కాలేజీల పీఆర్వోలు కలిసి ఎంపీసీయో బైపీసీయో అని తేల్చేస్తారు. అప్పటికే ఇద్దరు పీఆర్వోలు వాళ్ళ కొట్టుకి వచ్చి, ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామని చెప్పి వెళ్ళారు. మేనమామ ఎంపీసీ అన్నాడు. ఆమెను అడిగితే, "మేడం, నాకూ ఎంపీసీయే ఇష్టం. కలాం గారి పుస్తకం చదివాను" అంది.

నాకు పాత అబ్బాయి గుర్తొచ్చాడు.

మార్చి 18న పదో తరగతి పరీక్షలు మొదలవుతాయి కాబట్టి అప్పటివరకు పెద్దగా ఏమీ పెట్టలేదు. ఒక్క పని మాత్రం చెప్పాను. కలాం పుస్తకాన్ని ఆదివారాల్లో మళ్ళీ చదవమన్నాను, ఈసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో దొరుకుతుంది. గొప్ప మాటల కింద గీతలు గీయొద్దన్నాను. కలాం ఒక నిర్ణయం తీసుకున్న చోట, లేదా తనకు చదవడం ఆపి ఆలోచించాలనిపించిన చోట మాత్రమే గీత గీయమన్నాను.

ఇలా చదివితే అదే పుస్తకం వేరేగా కనిపిస్తుంది. కలాం మొదట తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చదివారు. చివరి సంవత్సరానికి వచ్చాకే, తన కల నెరవేరాలంటే ఇంజనీరింగ్ చదవాల్సిందని తెలుసుకున్నారు. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది కానీ చేరడానికి కావలసిన సుమారు 1000 రూపాయలు ఇంట్లో లేవు. అక్క జోహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఆ కాలేజీలో ప్రదర్శనకు పెట్టిన రెండు పాత విమానాలు చూసి ఏరోనాటికల్ వైపు మొగ్గారు. తర్వాత డెహ్రాడూన్‌లో వైమానిక దళం ఇంటర్వ్యూకి వెళితే 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిది మందిని. పదో తరగతి పిల్లలకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఇదేనని నా నమ్మకం. అంతటి మనిషి కూడా తనకు సరిపడే చదువేదో ఆలస్యంగానే తెలుసుకున్నారు, అలా తెలుసుకోవడానికి ఒక కుటుంబం తన బంగారాన్ని తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఏప్రిల్ 2న పరీక్షలు అయిపోయాయి. మూడో రోజు ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది. పేజీలు తిప్పి చూశాను. మొత్తం పదకొండు చోట్ల గీతలున్నాయి. విమానాలు చూసిన చోట లేదు. రాకెట్ ఇంజన్ల గురించిన పేజీల్లో ఒక్కటీ లేదు. జోహ్రా గాజుల దగ్గర రెండు గీతలు, పక్కన చిన్న అక్షరాలతో "వడ్డీ ఎంత?" అని రాసి ఉంది. పనిని ఎవరెవరికి ఎలా పంచారో చెప్పే చోట్ల నాలుగు గీతలు. మిగతావి డబ్బు, జీతం, ఎంపికల గురించినవి.

ఒక్క పుస్తకంలో గీతలు చూసి ఏ గ్రూపో చెప్పేయకూడదు. కానీ కలాం పుస్తకం నచ్చింది కాబట్టి ఎంపీసీ అనే మాటలో ఏదో సరిపోవడం లేదని తెలిసింది. ఆమెకు ఆ మనిషి నచ్చాడు. ఆయన చేసిన పని దగ్గర పెన్సిల్ ఆగలేదు.

అప్పుడు పాఠ్యపుస్తకాలు తీశాను. వీటిని కొనాల్సిన పని లేదు. ఊళ్ళో పోయిన ఏడాది ఇంటర్ రాసినవాళ్ళు ఉంటారు, అడిగితే ఇస్తారు. మా లైబ్రరీలో ప్రతి గ్రూప్‌కి ఒక సెట్టు ఉంది. పిల్లలకు మొత్తం పుస్తకం ఇవ్వను. ఒక్కో పుస్తకంలో ఒకే పాఠం, దానికి వారం రోజులు. చదవాలి, అభ్యాసంలో లెక్కలు చేయాలి, తప్పయినా కొట్టేయకుండా ఉంచాలి. పిల్లకి వచ్చిందా రాలేదా అన్నది నేను పెద్దగా చూడను. ఫస్ట్ ఇయర్ పాఠం పదో తరగతి పిల్లకి మొదటిసారే ఎలా వస్తుంది? జవాబు వచ్చాక ఇంకేమైనా అడుగుతుందా, రాని లెక్క దగ్గరికి మర్నాడు తనంతట తాను మళ్ళీ వెళ్తుందా, ఈ రెండే చూస్తాను.

మొదటి వారం ఫిజిక్స్, సరళరేఖలో చలనం పాఠం. దాన్నుంచి నేను అందరికీ ఇచ్చే లెక్క ఒకటుంది. 25 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరాం. అది నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది? g విలువ 10 అనుకుంటే సమీకరణం ఇలా వస్తుంది:

25 + 20t − 5t² = 0

ఐదుతో భాగించి సర్దితే t² − 4t − 5 = 0. పదో తరగతిలో నేర్చుకున్న వర్గ సమీకరణమే. మూలాలు 5, −1. బంతి 5 సెకన్లకు నేలను తాకుతుంది.

ఆమె చక్కగా చేసింది. 5 చుట్టూ గడి గీసి, −1 పక్కన "కాలం రుణాత్మకం కాదు" అని రాసి కొట్టేసింది. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేస్తాం. కానీ అదే వారం అదే లెక్క చేసిన మరో అబ్బాయి మర్నాడు పొద్దున్నే వచ్చి, "మేడం, ఆ మైనస్ ఒకటి ఊరికే వచ్చిందా? లెక్క అబద్ధం చెప్పదు కదా" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని చూశాం. మనం విసిరిన క్షణానికి ఒక సెకను ముందు, ఎవరో నేల మీద నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరి ఉంటే, అది సరిగ్గా మనం విసిరిన క్షణానికి మేడ అంచు దగ్గర 20 మీటర్ల వేగంతో ఉండేది. ఆ −1 చెప్పేది అదే. వాడి ముఖం చూడాల్సింది ఆ నిమిషంలో. వాడికి వెంటనే పెరెల్మాన్ రాసిన 'ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్' ఇచ్చి పంపాను. వాడు ఎంపీసీ అని చెప్పడానికి నాకు ఇంకో పరీక్ష అక్కర్లేదు.

ఆ అమ్మాయితో ఈ సంగతి చెబితే శ్రద్ధగా వింది, బాగుందంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బోటనీ పాఠం ఇంకా త్వరగా తేలిపోయింది. పేర్లన్నీ రెండు రోజుల్లో కంఠతా పట్టి, "వచ్చేసింది మేడం, ఇంకేం చేయాలి?" అంది. పాఠంలో చెప్పిన ఒక్క మొక్కనైనా పెరట్లోకి వెళ్ళి చూశావా అని అడిగితే లేదంది. బైపీసీని అక్కడితో పక్కన పెట్టాం.

మూడో వారం కామర్స్. ఇంటర్ ఫస్ట్ ఇయర్ కామర్స్‌లో సగం వాణిజ్యశాస్త్రం, సగం గణకశాస్త్రం. గణకశాస్త్రంలో రోజువారీ లావాదేవీలు రాసే చిట్టా, వాటిని ఖాతాలవారీగా సర్దే ఆవర్జా, రెండు వైపుల మొత్తాలు కలిశాయో లేదో చూసే అంకణా పాఠాలు చదవమని చెప్పి, నేనే ఒక చిన్న వ్యాపారం కల్పించి ఇచ్చాను. 50,000 రూపాయల నగదుతో కొట్టు పెట్టారు. 20,000కి నగదిచ్చి సరుకు కొన్నారు. 6,000 సరుకు ఒకరికి అరువిచ్చారు. కొట్టు అద్దె 3,000 కట్టారు. వీటిని చిట్టాలో రాసి, ఆవర్జాలోకి మార్చి, అంకణా తయారు చేయాలి.

రెండో రోజు సాయంత్రం వచ్చింది. అంకణా కలవలేదు. డెబిట్ మొత్తం 53,000, క్రెడిట్ మొత్తం 59,000. తేడా 6,000. "అరువు అమ్మకం 6,000 ఉంది కదా మేడం, తప్పు అక్కడే అనుకుని అరగంట దాన్నే చూశాను. అది కరెక్టే ఉంది" అంది. జవాబు చెప్పమని అడగలేదు, అక్కడే బల్ల మీద కూర్చుంది. ఇంకో ఇరవై నిమిషాలకు దొరికింది. 3,000 అద్దెను డెబిట్ వైపు కాకుండా క్రెడిట్ వైపు రాసింది. ఒక వైపు 3,000 తగ్గింది, ఇంకో వైపు 3,000 పెరిగింది, అందుకే తేడా రెట్టింపై 6,000 అయింది. సరిదిద్దితే రెండు వైపులా 56,000.

పద్దులు రాసేవాళ్ళకు ఇది తెలిసిన కిటుకే. అంకణా కలవకపోతే తేడాను సగం చేసి, ఆ అంకె ఎక్కడైనా తప్పు వైపు పడిందేమో చూస్తారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనంతట తనే పట్టుకుంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. "మేడం, అరువిచ్చిన 6,000 ఇంకా చేతికే రాలేదు. మరి అమ్మకం కింద ఎట్లా రాస్తాం? మా కొట్లో అరువు తీసుకున్నవాళ్ళు కొందరు అసలు కట్టరు." ఫిజిక్స్‌లో ఆ అబ్బాయి అడిగిన −1 ప్రశ్నకు ఇది జత. జవాబు వచ్చేసింది, పాఠం అయిపోయింది, అయినా ఆ పిల్లకి లోపల ఏదో కుదరడం లేదు. రాని బాకీల గురించి పుస్తకంలో తర్వాత వస్తుందని చెప్పాను. మర్నాడు వాళ్ళ కొట్టు ఖాతా పుస్తకం తీసుకొచ్చి, ఆరు నెలలు దాటిన బాకీలన్నీ వేరే కాగితం మీద రాసుకుంది.

ఇక్కడితో కామర్స్ అని తేల్చేస్తే సరిపోయేది, కానీ ఆమెకు సోషల్ కూడా ఇష్టమని నాకు తెలుసు. అందుకే హెచ్ఈసీ వైపు కూడా చూడాలనుకున్నాను. నా సబ్జెక్ట్ కాబట్టి ఇక్కడ నాకు పక్షపాతం ఉండే ప్రమాదం ఉంది. నేను మాట్లాడకుండా పుస్తకాన్నే మాట్లాడనివ్వాలని అనుకున్నాను. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కాకతీయుల కాలం గురించిన పేజీలు కొన్ని ఇచ్చాను. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఈ పుస్తకానికే వచ్చింది. రాజుల యుద్ధాలు వదిలేసి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికిన చరిత్ర ఇది. భాష కొంచెం పాతది, పదో తరగతి పిల్లలకు పది పన్నెండు పేజీలకు మించి ఇవ్వకూడదు. ఆ పేజీలైనా పక్కన కూర్చుని చదివించాలి.

ఈ పుస్తకం ఇవ్వడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. సురవరం వారు తన ఆధారాలను చాలావరకు కావ్యాల్లోంచి తీశారు. ఓరుగల్లు వీధుల్లో ఏం జరిగేదో తెలుసుకోవడానికి క్రీడాభిరామం లాంటి పద్యాలు చదివారు. కథలంటే ఇష్టమున్న పిల్లలు ఇక్కడ వివరాలు విని ఆనందిస్తారు. చరిత్ర నిజంగా పట్టే పిల్లలు మాత్రం వేరే ప్రశ్న అడుగుతారు. ఆమె అడిగింది: "కవులు ఎక్కువ చేసి చెప్తారు కదా మేడం. ఆయన ఏది నమ్మారు, ఏది వదిలేశారు, ఎట్లా తెలుస్తుంది?"

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ముప్పై మందిలో ఒకరు అడిగే ప్రశ్న ఇది. అంటే ఇప్పుడు రెండు దారులు నిజంగానే తెరిచి ఉన్నాయి. లెక్క కుదరకపోతే ఊరుకోదు, ఆధారం లేకపోతే నమ్మదు. ఈ రెండూ కలిసే చోటు అర్థశాస్త్రం. సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ మూడింట్లోనూ ఉన్న ఒకే ఒక్క సబ్జెక్ట్ కూడా అదే.

కాబట్టి చివరి జతగా ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఎకనామిక్స్‌లో డిమాండ్ పాఠం, దాని పక్కన పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంక్ పెట్టిన మహమ్మద్ యూనస్ ఆత్మకథ 'బ్యాంకర్ టు ద పూర్' ఇచ్చాను. ఇంగ్లీషు పుస్తకం కాబట్టి మొదటి అధ్యాయాలు ఇద్దరం కలిసి చదివాం. 1974లో బంగ్లాదేశ్‌లో కరువు వచ్చింది. చిట్టగాంగ్ యూనివర్సిటీలో యూనస్ ఎకనామిక్స్ పాఠాలు చెబుతున్నారు. తరగతిలో చెప్పే సిద్ధాంతాలకీ బయట ఆకలితో చచ్చిపోయే మనుషులకీ సంబంధం లేదనిపించి పక్కనున్న జోబ్రా గ్రామానికి వెళ్ళారు. అక్కడ వెదురు ముక్కాలి పీటలు అల్లే సూఫియా అనే ఆమె కనిపించింది. వెదురుకి 5 టాకాలు కావాలి. చేతిలో లేక వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటుంది, అల్లిన పీటలు అతనికే అమ్మాలి, రోజంతా పనిచేస్తే మిగిలేది 50 పైసలు. ఆ ఊళ్ళో ఇలా వ్యాపారుల చేతిలో ఇరుక్కున్నవాళ్ళ పట్టిక తయారు చేయిస్తే 42 మంది తేలారు. అందరికీ కలిపి కావలసిన డబ్బు 856 టాకాలు.

ఆమె పుస్తకం పక్కన పెట్టి కాగితం మీద భాగహారం చేసింది. మనిషికి సుమారు 20 టాకాలు. "ఇంతే? ఇరవై లేక వీళ్ళు బతుకంతా ఇట్లా ఉన్నారా?" అంది. తర్వాత తలెత్తి, మా కొట్లో అరువు తీసుకునే కూలివాళ్ళకి మేం ఒక రూపాయి ఎక్కువ ధర వేస్తాం మేడం, అని మెల్లగా చెప్పింది. నేనేమీ అనలేదు. ఆ రోజు ఆమె పుస్తకంలో గీసిన గీతలు లెక్కపెట్టడం మానేశాను.

ఇక గ్రూప్ పేరు తేల్చాలి. ఇక్కడ స్ఫూర్తి పుస్తకాలు ఏమీ చేయలేవు, నిబంధనలు తెలియాలి. అందరూ కొనే కెరీర్ గైడ్ పుస్తకాలతో ఒక చిక్కుంది. ఏడాది మారేసరికి అవి పాతబడిపోతాయి, కొట్లో మాత్రం అలాగే అమ్ముతుంటారు. పాతదో కాదో నేను మూడు చోట్ల చూస్తాను. ఎంబీబీఎస్ కోసం ఎంసెట్ రాయాలని ఉంటే ఆ పుస్తకం నీట్ రాకముందుది. సీఏకి మొదటి మెట్టు సీపీటీ అని ఉంటే 2017కి ముందుది, ఇప్పుడు దాని స్థానంలో ఫౌండేషన్ ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షను ఇంకా ఎంసెట్ అనే అంటుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో పేరు ఈఏపీసెట్‌గా మారిన సంగతి ఎక్కలేదన్నమాట. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పున్నా మిగతా పేజీలు కూడా నమ్మను.

ఆమె ముందున్న ప్రశ్న నిజానికి లెక్కలు ఉంచుకోవాలా వదిలేయాలా అన్నదే. సీఏ ఫౌండేషన్‌కి ఏ గ్రూప్ అయినా పర్వాలేదు. కానీ అందులో నాలుగు పేపర్లలో ఒకటి క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, గణితం, లాజిక్, స్టాటిస్టిక్స్ కలిపి. లా కోర్సుకీ గ్రూప్ అడ్డు కాదు. సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. కానీ ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే మ్యాథ్స్ తప్పనిసరి. ఎకనామిక్స్‌లో ముందుకు పోవాలనుకున్న పిల్ల సీఈసీయో హెచ్ఈసీయో తీసుకుంటే, ఆ తలుపు పదహారేళ్ళకే మూసుకుపోతుంది. లెక్కలు కూడా ఉండే ఎంఈసీ అయితే తెరిచి ఉంటుంది.

ఎంఈసీ గురించి తల్లిదండ్రుల్లో ఒక అపోహ ఉంది. అందులో కామర్స్ ఉంది కాబట్టి లెక్కలు తేలిక అనుకుంటారు. కాదు. ఎంపీసీ వాళ్ళు చదివే 1ఏ, 1బీ మ్యాథ్సే వీళ్ళూ చదవాలి. అందుకని చివరి వారం 1ఏలో ప్రమేయాలు పాఠం పెట్టాను. పదో తరగతి దాకా లెక్కంటే చివర ఒక అంకె వచ్చేది. ఇక్కడ 'నిరూపించండి' అని అడుగుతారు, చివర అంకె ఉండదు. చాలామంది పిల్లలు బెదిరిపోయేది ఇక్కడే. పది లెక్కల్లో మొదటిసారి నాలుగే చేసింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి కూడా. రెండు రోజులు పాఠం ముట్టలేదు, మూడో రోజు తనే తీసి ఇంకో రెండు చేసింది. ఇష్టంగా చేయలేదని స్పష్టంగా తెలిసింది. కానీ వదిలేయలేదు. ఎంఈసీకి అది చాలనిపించింది నాకు. ఎంపీసీకి చాలదు, ఎందుకంటే అక్కడ ఆ లెక్కల పక్కన ఆమెను మళ్ళీ పుస్తకం దగ్గరికి లాక్కొచ్చే సబ్జెక్ట్ ఏదీ లేదు.

ఈలోగా ఏప్రిల్ 30న ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ఈసారీ మంచి గ్రేడే వచ్చింది. మేనమామ మళ్ళీ ఎంపీసీ అన్నాడు. వాళ్ళ నాన్న ఒక సాయంత్రం కొట్టు మూసి నా దగ్గరికి వచ్చాడు. "మేడం, కామర్స్ అంటే మార్కులు రానోళ్ళు తీసుకునేది అంటరు. మా పిల్లకి మార్కులు మంచిగ వచ్చినై. ఊళ్ళో నన్నేమంటరు?" అని అడిగాడు. ఆయన టెన్షన్‌ని నేను తక్కువ చేయదలచుకోలేదు. ఉపన్యాసం ఇవ్వకుండా మూడు కాగితాలు ముందు పెట్టాను. ఒకటి, మొదటిసారి కలవని అంకణా, తర్వాత కలిసినది. రెండోది, వాళ్ళ కొట్టు పాత బాకీల పట్టిక. మూడోది, ఆ ఫిజిక్స్ లెక్క. ఆయన చాలాసేపు బాకీల పట్టికనే చూశాడు. "ఇది నేనూ ఎప్పుడూ రాసుకోలే మేడం" అన్నాడు. కొన్ని పేర్ల దగ్గర వేలు పెట్టి ఆగాడు. పదో తరగతి పాసయ్యాక సీఏ ఫౌండేషన్‌కి ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చని, పరీక్ష మాత్రం ఇంటర్ తర్వాతే రాయాలని చెప్పాను. తొందరపడి కోచింగ్‌కి డబ్బు కట్టొద్దని కూడా చెప్పాను.

పుస్తకాలు తీర్చలేని సమస్య ఒకటి మిగిలింది. దగ్గర్లోని జూనియర్ కాలేజీలో సీఈసీ ఉంది, ఎంఈసీ లేదు. చాలా మండలాల్లో ఇదే పరిస్థితి. ఎంఈసీ ఉన్న కాలేజీ బస్సులో దాదాపు గంట దూరం. ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు సమస్య కాలేదు, కానీ పొద్దున్న బస్సు తప్పితే ఆ రోజు మొదటి క్లాసు పోయినట్టే. వారం రోజులు ఇంట్లో చర్చ నడిచింది. నేను దూరంగానే ఉన్నాను. జూన్‌లో ఎంఈసీలో చేరింది.

ఫస్ట్ ఇయర్‌లో 1ఏ ఆమెకు కష్టంగానే నడిచింది. దసరా సెలవుల్లో వచ్చి, ఎకనామిక్స్ లేకపోతే మానేసేదాన్నేమో మేడం, అంది. ఆ మాటను దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఎంఈసీ సలహా ఇచ్చేటప్పుడు ఇది ముందే చెప్పాలి. వార్షిక పరీక్షల్లో అన్నీ పాసైంది. అన్నిటికన్నా తక్కువ మార్కులు లెక్కల్లో, ఎక్కువ కామర్స్‌లో.

నా పద్ధతిలో ఈ కేసు తర్వాత రెండు మార్పులు చేశాను. మొదటిది, పెన్సిల్ చదువు జనవరిలో కాకుండా దసరా సెలవుల్లోనే మొదలుపెడుతున్నాను. పీఆర్వోలు కొట్టు దగ్గరికి రాకముందే పిల్లల చేతిలో వాళ్ళ గీతలు ఉండాలి. రెండోది, ఒక పిల్లకి ఒకేసారి రెండు స్ఫూర్తి పుస్తకాలు ఇవ్వడం మానేశాను. ఒకటి చదివి వారం రోజులు పాఠ్యపుస్తకంతో కూర్చున్నాకే రెండోది. లేకపోతే ఏది చివర చదివితే ఆ గ్రూపే కావాలంటారు.

సెకండ్ ఇయర్‌కి వెళ్ళాక ఆమె తన ఫస్ట్ ఇయర్ పుస్తకాలన్నీ మా లైబ్రరీకి ఇచ్చింది. 1ఏ నిండా ప్రశ్నార్థకాలు, కామర్స్ నిండా చిన్న చిన్న లెక్కలు, ఎకనామిక్స్ అంచుల్లో ప్రశ్నలు. చెరిపేయడానికి మనసు రాలేదు. కానీ కొత్త పిల్లలకు ఆ సెట్టు ఇవ్వడం లేదు, వాళ్ళకు గీతల్లేని పుస్తకాలే ఇస్తున్నాను. ఆమె గీతలు చూస్తే వాళ్ళ పెన్సిల్ కూడా అక్కడే ఆగుతుంది.